ఏ దేశీయ సంస్థకు లాభం? పోటీ పరీక్షల అర్థశాస్త్రం ప్రశ్నలు రాసేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు సాయంత్రాలు మా ఇంటికే వచ్చి వరండాలో కూర్చుంటారు. అంతర్జాతీయ వాణిజ్యం అధ్యాయం మీద మీరు ఇచ్చే ప్రశ్నల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ ఒక్క పరీక్షనో, ఏ ఒక్క సంస్థనో తప్పుపట్టడానికి కాదు. ఇదే అచ్చు ప్రశ్న చాలా పేపర్లలో చూశాను.

ప్రశ్న ఇలా ఉంటుంది: "దిగుమతులపై సుంకం పెంచితే దేశీయ సంస్థల లాభాలు ఏమవుతాయి?" పెరుగుతాయి, తగ్గుతాయి, మారవు, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం అని నాలుగు ఐచ్ఛికాలు. కీలో మొదటిది.

మా వరండాలో కూర్చునే ఒక కుర్రాడు నాలుగోది గుర్తించి వచ్చాడు. వాళ్ల నాన్నకు చింతలపూడి వైపు ఏడెకరాల పామాయిల్ తోట ఉంది. వాళ్ల మేనమామ మిఠాయి, కారా దుకాణం నడుపుతాడు. "టీచర్, సుంకం పెరిగిన నెలలో మా నాన్న గెలల రేటు చూసుకుని సంతోషపడ్డాడు, మా మావయ్య నూనె డబ్బా రేటు చూసి తల పట్టుకున్నాడు. ఇద్దరిదీ ఈ దేశమే కదా, మరి ఏ సంస్థ గురించి అడిగినట్టు?" అన్నాడు. వాడికి మార్కు రాలేదు, పైగా నెగెటివ్ మార్కు పడింది. వాడు అడిగింది సరైన ప్రశ్న అని నా అభిప్రాయం. ఎందుకో వాళ్ల నూనెతోనే చెబుతాను.

2024 సెప్టెంబరు నాటి సంగతి తీసుకుందాం. అప్పటివరకు ముడి పామాయిల్ మీద అన్నీ కలిపి 5.5 శాతం దిగుమతి సుంకం ఉండేది, శుద్ధి చేసిన పామోలిన్ మీద 13.75 శాతం. ఆ నెల 14 నుంచి ముడి నూనె మీద 27.5కి, శుద్ధి చేసినదాని మీద 35.75కి పెంచారు. ఈ అంకెలు ఎలా వచ్చాయో పిల్లలకు చూపించడం తేలిక. ముడి నూనెకు మూల సుంకం 20, దాని మీద వ్యవసాయ సెస్ 5, ఈ రెండింటి మొత్తం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. 25కి 2.5 కలిపితే 27.5. శుద్ధి చేసినదానికి మూల సుంకం 32.5, దాని మీద అదే పదో వంతు, మొత్తం 35.75.

మీ కీ ప్రకారం అయితే ఇక్కడ దేశీయ సంస్థలన్నీ లాభపడాలి. నూనె శుద్ధి చేసే కర్మాగారం లెక్క ఒక్కటి వేసి చూడండి. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర ఉన్నవి ఇలాంటివే. ఓడలో వచ్చిన ముడి నూనెను కొని, రంగు, వాసన తీసి, పామోలిన్‌గా అమ్ముతాయి. వాటికి ముడి నూనె కొనుగోలు ఖర్చు, పామోలిన్ ఆదాయం. ఈ రెండింటి మధ్య మిగిలేదే వాటి బతుకు.

రేవుకు చేరిన ధర ముడి నూనెకు కిలో 100 రూపాయలు, పామోలిన్‌కు 98 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. శుద్ధి చేసింది ముడిదానికంటే చవకేమిటని మీకు అనిపించవచ్చు. ఇండోనేసియా ముడి నూనె ఎగుమతి మీద ఎక్కువ పన్ను, శుద్ధి చేసినదాని మీద తక్కువ పన్ను వేస్తుంది. దాంతో అక్కడి శుద్ధి కర్మాగారాలకు ముడి సరుకు చవకగా దొరుకుతుంది, శుద్ధి నూనె ముడి నూనె కంటే తక్కువ ధరకు మన రేవుకు వచ్చిన సందర్భాలున్నాయి. సబ్సిడీ అన్న పేరు ఎక్కడా లేకుండానే అది సబ్సిడీ చేసే పని చేస్తుంది. మన కర్మాగారానికి కిలో శుద్ధి చేయడానికి తరుగుతో కలిపి 6 రూపాయలు ఖర్చవుతుంది అనుకుందాం.

పెంపుకు ముందు ముడి నూనె 105.50 పడుతుంది. పోటీగా వచ్చే దిగుమతి పామోలిన్ ధర 111.47. మధ్యలో మిగిలేది 5.97, ఖర్చుకు మూడు పైసలు తక్కువ. పెంపు తర్వాత ముడి నూనె 127.50, పామోలిన్ 133.03. మిగిలేది 5.53. సుంకం 22 పాయింట్లు పెరిగింది, శుద్ధి చేసేవాడికి మాత్రం కిలోకు 44 పైసలు తగ్గింది. రెండు సుంకాల మధ్య తేడా ముందూ 8.25, తర్వాతా 8.25. ఆ తేడా మారకుండా రెండూ పెరిగినప్పుడు, ఖరీదైన ముడి సరుకు మీద పడ్డ శాతం చవకైన సరుకు మీద పడ్డ శాతం కంటే ఎక్కువ రూపాయలవుతుంది. అందుకే మిగులు కుదించుకుపోయింది. ఇలాంటప్పుడు కర్మాగారం యంత్రాలు ఆపుకుని, దిగుమతి పామోలిన్‌నే తెచ్చి డబ్బాలకెత్తి అమ్ముకోవడం మేలు. ఆ కాలంలో పామోలిన్ దిగుమతులు ఎక్కువయ్యాయని శుద్ధి పరిశ్రమ గగ్గోలు పెట్టింది కూడా ఇందుకే.

2025 మే 30న ప్రభుత్వం ముడి నూనె మూల సుంకాన్ని 20 నుంచి 10కి తగ్గించింది. మొత్తం 16.5 అయింది. శుద్ధి చేసినదాని మీద 35.75 అలాగే ఉంచింది. మళ్లీ అదే లెక్క వేయండి. ముడి నూనె 116.50, దిగుమతి పామోలిన్ 133.03. మిగులు 16.53 వరకు ఎగబాకింది. సుంకం తగ్గించిన రోజున శుద్ధి చేసే దేశీయ సంస్థకు అసలైన రక్షణ దొరికింది. ఆ తర్వాతి నెలల్లో పామోలిన్ దిగుమతులు తగ్గి, ముడి నూనె దిగుమతులు పెరిగాయి. మీ ప్రశ్నలో "సుంకం తగ్గిస్తే దేశీయ సంస్థలు నష్టపోతాయి" అన్న వాక్యం సరైనదిగా ఉంటే, ఈ పిల్లాడు కళ్లముందు జరిగినదాన్ని వదిలేసి మీ కీనే నమ్మాలన్నమాట.

దీన్నే పాఠ్యపుస్తకాలు సఫల రక్షణ రేటు అంటాయి. తుది వస్తువు మీద ఎంత సుంకం ఉందని చూడకూడదు, దాని ముడి సరుకు మీద ఉన్న సుంకాన్ని కూడా లెక్కవేసి, ఆ సంస్థ తాను జోడించే విలువకు ఎంత రక్షణ దొరుకుతుందో చూడాలి. చిత్రమేమిటంటే ఈ సూత్రం మన సిలబస్‌లో ఉంది. నిర్వచనం అడుగుతారు. ఆ తర్వాతి ప్రశ్నలోనే అదేమీ లేనట్టు "సుంకం పెరిగితే దేశీయ సంస్థలకు లాభం" అని రాస్తారు.

ఇక ఆ కుర్రాడి నాన్న సంగతి. మే నెల తగ్గింపు ఆయనకు చేదు కబురు. గెలల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన జాతీయ వంట నూనెల మిషన్‌లో, టన్ను గెలలకు ఇచ్చే సూత్ర ధరను ముడి పామాయిల్ ధరలో 14.3 శాతంగా పెట్టారు. ముడి నూనె కిలోకు 11 రూపాయలు తగ్గితే టన్నుకు 11,000. అందులో 14.3 శాతం అంటే టన్ను గెలలకు 1,573 రూపాయలు తగ్గుతుంది. కాటా మీద ట్రాక్టర్ నిలబెట్టి తూకం చీటీ చేతికి తీసుకున్న రైతుకు ఈ అంకె దుకాణంలో నూనె ధర కంటే ముందే తెలుస్తుంది. లోకంలో ధర కదిలితే ఈ తగ్గుదల కొంత మారవచ్చు. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే కాబట్టి, మనం సుంకం తగ్గిస్తే ఎగుమతి చేసేవాళ్లు తమ ధర కాస్త పెంచుకునే వీలుంటుంది. దిశ మాత్రం మారదు.

అంటే ఒకే ఒక్క ప్రకటన మీద శుద్ధి కర్మాగారం నవ్వింది, రైతూ ఆయన గెలలు కొని ముడి నూనె తీసే మిల్లూ బాధపడ్డారు, మిఠాయి దుకాణం మావయ్య కొంత ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మావయ్య లెక్క కూడా చెబుతాను. సెప్టెంబరు పెంపుతో నా అంకెల ప్రకారం కిలోకు 21 రూపాయల 56 పైసలు పెరిగింది. 15 కిలోల డబ్బాకు 323 రూపాయలు. వారానికి నాలుగు డబ్బాలు మరిగించే దుకాణం అది. మే తర్వాత దిగుమతి పామోలిన్ ధర 133 దగ్గరే ఉన్నా, ముడి నూనె 116.50కి కొని 6 ఖర్చు పెట్టే కర్మాగారాలు ఒకదానితో ఒకటి పోటీ పడితే 122.50 దాకా దిగవచ్చు. పోటీ లేకపోతే 133 దగ్గరే ఆగవచ్చు. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలుస్తుందన్నది సుంకం చెప్పదు, ఆ మార్కెట్లో ఎంతమంది అమ్మేవాళ్లున్నారన్నది చెబుతుంది. ఆయన దుకాణాన్ని దేశీయ సంస్థ కాదనడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

ఇక్కడే సబ్సిడీకి, సుంకానికి తేడా పిల్లలకు బాగా అర్థమవుతుంది, మీ ప్రశ్నల్లో మాత్రం అది రాదు. అదే మిషన్‌లో గెలలకు ఆచరణీయ ధర అని ఇంకొకటి ఉంది. గత ఐదేళ్ల సగటు ముడి నూనె ధరను టోకు ధరల సూచీతో సరిచేసి, దానిలో 14.3 శాతం తీస్తారు. ఆ నెల సూత్ర ధర దీనికంటే తగ్గితే, ఆ తేడాను ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ఆచరణీయ ధర 17,500 అనీ, ముడి నూనె 116.50 వద్ద సూత్ర ధర 16,659 అనీ అనుకోండి. టన్నుకు 840 రూపాయల పైచిలుకు ఖజానా నుంచి వెళుతుంది. రైతుకు రక్షణ దొరికింది, మావయ్య డబ్బా ధర ఒక్క పైసా పెరగలేదు. సుంకంతో రైతును కాపాడితే ఆ ఖర్చు నూనె వాడే ప్రతివాడి జేబులోంచి వెళుతుంది. సబ్సిడీతో కాపాడితే బడ్జెట్‌లోంచి వెళుతుంది, బడ్జెట్‌లో డబ్బు ఉంటేనే, ఆ ఏడాది చెల్లిస్తేనే. "సుంకం, సబ్సిడీ రెండూ దేశీయ ఉత్పత్తిని పెంచుతాయి" అన్న వాక్యం తప్పు కాదు. కానీ ఎవరి జేబు తేలికవుతుందన్నది అడగకుండా అక్కడే ఆపేస్తే ఆ రెంటినీ విడివిడిగా చదివించి ఏం లాభం?

కోటా మీద మీరు పదే పదే అడిగేది "సుంకంతో సమానమైన కోటా ఒకే ఫలితాన్నిస్తుంది" అన్నది. దిగుమతి పరిమాణం, ధర వరకు అది సరే. మిగిలిన సొమ్ము ఎవరి చేతికి వెళ్లిందన్నది వేరు. దీనికీ నూనెలోనే మంచి ఉదాహరణ ఉంది. 2022 మేలో ధరలు మండిపోతుంటే, ముడి సోయా నూనె 20 లక్షల టన్నులు, ముడి పొద్దుతిరుగుడు నూనె 20 లక్షల టన్నులు ఏడాదికి చొప్పున రెండేళ్లపాటు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. దరఖాస్తు చేసుకున్న ప్రాసెసర్లకు ఆ మొత్తాన్ని వాటాలుగా పంచారు. వాటా మించి తెచ్చుకునేదానికి సుంకం తప్పదు, అప్పట్లో అది 5.5 శాతం.

మన సోయా నూనె దిగుమతి ఏటా 20 లక్షల టన్నులను బాగా దాటుతుంది. కాబట్టి మార్కెట్ నిండాలంటే సుంకం కట్టిన నూనె కూడా రావాలి. సోయా నూనె రేవు ధర కూడా కిలో 100 అనుకుంటే, చివరి టన్ను తెచ్చినవాడు సుంకంతో కిలోకు 105.50 ఖర్చు పెడితే బజారు ధర 105.50 దగ్గరే నిలబడుతుంది. వాటా దొరికినవాడు 100కే తెచ్చుకుని అదే ధరకు అమ్ముతాడు. ఆ 5.50 వినియోగదారుడికి అందదు, ఖజానాకూ రాదు. అది వాటా కాగితం ధర. ఒకవేళ సుంకం కట్టి తెచ్చేవాడు, సున్నా సుంకం వాడితో పోటీకి భయపడి ఓడ బుక్ చేయడం మానుకుంటే, సరుకే తక్కువై ధర ఇంకా పైకి పోతుంది. పరిశ్రమ వాళ్లు సరిగ్గా ఇదే ఫిర్యాదు చేశారు. ముందు రెండేళ్లని చెప్పిన సోయా వాటాను 2023 ఏప్రిల్ నుంచి ఆపేశారు. ఈ కథలో వాటా దొరికిన దేశీయ సంస్థా, దొరకని దేశీయ సంస్థా ఒకే ఊళ్లో పక్కపక్కనే ఉండవచ్చు. కోటా వాటికి చెరొక ఫలితాన్ని ఇచ్చింది.

డంపింగ్ దగ్గర నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది నిర్వచనం. "ఉత్పత్తి ఖర్చు కంటే తక్కువకు విదేశంలో అమ్మడం" అని కొన్ని కీలలో చూశాను. మన కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975లోని 9ఏ సెక్షన్ ప్రకారం చూడాల్సింది ఎగుమతి ధర సాధారణ విలువ కంటే తక్కువా అన్నది. సాధారణ విలువ అంటే మామూలుగా ఆ వస్తువును ఎగుమతిదారు తన దేశంలో అమ్ముకునే ధర. ఇంట్లో 90కి అమ్ముతూ మనకు 80కి పంపితే, వాడి ఖర్చు 70 అయినా అది డంపింగే. ఇంట్లోనూ 80, మనకూ 80 అయితే, మన సంస్థ 95 కంటే తక్కువకు చేయలేక మూతపడినా అది డంపింగ్ కాదు. వాడు మనకంటే చవకగా చేయగలడు, అంతే. ఇంటి ధర నమ్మదగ్గది కానప్పుడు ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు, అది వేరే సంగతి. పిల్లలు ఈ రెంటినీ కలగలిపేసుకుంటున్నారంటే అందులో మన కీలకూ వాటా ఉంది.

ఆ 10 రూపాయల తేడా అంతా సుంకంగా పడుతుందనీ అనుకోకూడదు. దర్యాప్తు చేసే వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్, డంపింగ్ జరిగిందా, మన పరిశ్రమకు నష్టం జరిగిందా, ఆ నష్టం దీనివల్లే జరిగిందా అని మూడూ తేల్చాలి. మన సంస్థకు నష్టం లేకుండా ఉండే ధర 86 అని తేలితే, దిగుమతి సరుకు 80కి చేరుతుంటే, 6 రూపాయల సుంకం చాలు. రెండింట్లో తక్కువది వేయాలన్నది మన దగ్గరి నియమం. అదీ సిఫార్సు వరకే. వేయాలా వద్దా అన్నది ఆర్థిక మంత్రిత్వ శాఖ చేతిలో ఉంటుంది.

రెండో అభ్యంతరం మళ్లీ ఆ కుర్రాడి ప్రశ్నే. డంపింగ్ నిబంధనల్లో "దేశీయ పరిశ్రమ" అన్న మాటకు కచ్చితమైన అర్థం ఉంది: దిగుమతి వస్తువు లాంటి వస్తువునే ఇక్కడ తయారుచేసేవాళ్లు. దాన్ని కొని వాడుకునే కర్మాగారం ఆ మాటలోకి రాదు, అది ఎంత పెద్దదైనా సరే. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో పీటీఏ అనే రసాయనం మీద ఉన్న యాంటీ డంపింగ్ సుంకాన్ని ప్రజా ప్రయోజనం పేరుతో ఎత్తేశారు. పాలిస్టర్ నారకు అది ముడి సరుకు. బట్టల పరిశ్రమకు అది చవకగా అందాలన్నది ఆర్థిక మంత్రి చెప్పిన కారణం. ఆ సుంకం పీటీఏ చేసే కొద్ది కంపెనీలను కాపాడుతూ వచ్చింది. దాని బరువు మోసింది పాలిస్టర్ దారం తీసేవాళ్లు, నేసేవాళ్లు. చట్టం ఆ రెండు వర్గాలనూ విడదీసి చూసింది. మన ప్రశ్నపత్రం మాత్రం రెంటినీ "దేశీయ సంస్థలు" అన్న ఒక్క ముద్దగా చేసింది.

మీరు నన్ను ఒకటి అడగవచ్చు. నూరు మార్కుల పేపర్లో ఇంత వివరం ఎక్కడ పెట్టమంటారు అని. ఎక్కువ అక్కర్లేదు. "దేశీయ సంస్థలు" అన్నచోట "దిగుమతి వస్తువుతో పోటీపడే వస్తువును తయారుచేసే దేశీయ సంస్థలు" అని రాయండి. ముడి సరుకు మీద సుంకం మారలేదని ఒక ముక్క చేర్చండి. అప్పుడు మీ మొదటి ఐచ్ఛికం నిజంగానే సరైన జవాబవుతుంది, నాలుగోది నిజంగానే తప్పవుతుంది. ఆ రెండు షరతులు లేనప్పుడు నాలుగోదే సరైన జవాబు, దానికి మార్కు ఇవ్వాలి.

ఇంకాస్త మనసుపెడితే ఇలాంటి ప్రశ్న ఇవ్వవచ్చు. మా వరండాలో పోయినవారం నేను ఇచ్చింది ఇదే: ముడి నూనె రేవు ధర 100, శుద్ధి నూనె రేవు ధర 98. వాటి మీద సుంకాలు 27.5, 35.75 నుంచి 16.5, 35.75కి మారాయి. పామాయిల్ రైతు, శుద్ధి కర్మాగారం, మిఠాయి దుకాణం, ఈ ముగ్గురిలో ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు, ఎవరి విషయం మార్కెట్లో పోటీని బట్టి ఉంటుంది? పదకొండు మందిలో తొమ్మిది మంది పావుగంటలో సరిగ్గా రాశారు. మిగతా ఇద్దరూ తప్పు చేసింది దుకాణం దగ్గర, పోటీ సంగతి మరిచిపోయి.

తుది కీ ఇంకా రాలేదు. ఆ కుర్రాడి అభ్యంతరాన్ని పైన చూపిన లెక్కతో సహా గడువులోగా పంపించాం. దాన్ని చూసేవారు పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యంతో కాకుండా, సఫల రక్షణ రేటు పేజీ కూడా తెరిచి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
ఏలూరు జిల్లా